ఫోటోలో వచ్చిన లెక్క: సూత్రం కట్టడం, సరిచూసుకోవడం

మన హాస్టల్‌లో చదివి ఇప్పుడు డిగ్రీ చివరి సంవత్సరంలో ఉన్న ఒక తమ్ముడు ఆ మధ్య వాట్సాప్‌లో ఒక లెక్క ఫోటో పంపాడు. పీజీ ఎంట్రన్స్ మోడల్ పేపర్‌లోది. అసలే జిరాక్స్ కాపీ, దానికి తోడు ట్యూబులైటు వెలుతురులో తీసిన ఫోటో. "అన్నా, నాలుగు ఆప్షన్లూ సరిపోతున్నాయి, ఏది పెట్టాలి?" అని కింద రాశాడు. ఆ ప్రశ్నలో చాలా విషయం ఉంది కాబట్టి ఇక్కడ వివరంగా రాస్తున్నాను. లెక్క ఇది:

aₙ = 4aₙ₋₁ − 4aₙ₋₂,  a₀ = 1,  a₁ = 6

(ఎ) (2n + 1)2ⁿ  (బి) 2ⁿ + 4n  (సి) 5n + 1  (డి) 6ⁿ

దీన్ని పునరావృత సంబంధం అంటారు. ఇంగ్లీషు మీడియం వాళ్ళకు రికరెన్స్ రిలేషన్. ముందున్న రెండు పదాలతో తర్వాతి పదాన్ని తయారుచేసే నియమం అన్నమాట. నూరో పదం కావాలంటే వరుసగా తొంభైతొమ్మిదో పదం దాకా కట్టుకుంటూ పోవాలి. అలా కాకుండా n విలువ వేస్తే నేరుగా aₙ వచ్చే సూత్రం కనుక్కోవడమే లెక్క.

ముందు ఫోటోను సరిగ్గా చదవాలి. అందులో కింద ఉండాల్సిన చిన్న అక్షరాలు మామూలు వరుసలోనే ఉన్నట్టు కనిపించాయి: aₙ = 4aₙ − 1 − 4aₙ − 2. అదే నిజమైతే కుడివైపు 4aₙ కొట్టుకుపోయి aₙ = −3 మిగులుతుంది. ప్రతి పదమూ −3 కావాలి. కానీ a₀ = 1 అని ఇచ్చారు కదా, కాబట్టి ఆ చదువు తప్పు. పైగా మొదలు విలువలు రెండు ఇచ్చారంటే నియమం సాధారణంగా రెండు పదాలు వెనక్కి చూస్తుందని అర్థం. అందువల్ల అవి aₙ₋₁, aₙ₋₂ అయి ఉండాలి.

ఇంకో అనుమానం, రెండో 4 అంకె 9 లాగా కూడా ఉంది. 4 అయితే a₂ = 4×6 − 4×1 = 20. 9 అయితే 24 − 9 = 15. ఆప్షన్లలో n = 2 వేస్తే వరుసగా 20, 12, 11, 36 వస్తాయి. 15 ఎక్కడా లేదు, కాబట్టి అది 4 అంకే. ఆప్షన్లు లేని ప్రశ్న అయితే ఈ సాక్ష్యం దొరకదు. అప్పుడు ఊహించడం కంటే మళ్ళీ ఫోటో తీయించుకోవడం మంచిది.

ఇక సాధన. aₙ = xⁿ అనుకుని నియమంలో వేసి, అంతటినీ xⁿ⁻² తో భాగిస్తే x² − 4x + 4 = 0 వస్తుంది. అంటే (x − 2)² = 0. మూలం 2, అదే రెండుసార్లు. మూలాలు వేరువేరైతే ఒక్కో మూలానికి ఒక్కో స్థిరాంకం పెట్టి కలిపేస్తాం. ఇక్కడ అలా A·2ⁿ + B·2ⁿ అని రాస్తే రెండూ కలిసి ఒకటే స్థిరాంకం అయిపోతుంది, C·2ⁿ. a₀ = 1 కావాలంటే C = 1. అప్పుడు a₁ = 2 అవుతుంది, మనకు కావలసింది 6. దారి మూసుకుపోయింది.

ఇలాంటప్పుడు పుస్తకాల్లో "n తో గుణించవలెను" అని ఒక ముక్క రాసి వదిలేస్తారు. ఎందుకో చెప్పరు. నిజానికి పదో తరగతి లెక్కలు చాలు. aₙ ని 2ⁿ తో భాగించి, వచ్చినదాన్ని bₙ అందాం. అంటే aₙ = 2ⁿ·bₙ. దీన్ని నియమంలో వేసి రెండు వైపులా 2ⁿ కొట్టేస్తే

bₙ = 2bₙ₋₁ − bₙ₋₂

మిగులుతుంది. కాస్త అటూ ఇటూ జరిపితే bₙ − bₙ₋₁ = bₙ₋₁ − bₙ₋₂. పక్కపక్క పదాల తేడా మారడం లేదు! అంటే bₙ అంకశ్రేఢి. b₀ = 1, b₁ = 6/2 = 3. కాబట్టి 1, 3, 5, 7, 9... బేసి సంఖ్యలు. bₙ = 2n + 1, అందుచేత

aₙ = (2n + 1)2ⁿ

ఆ n ఎక్కడినుంచి వచ్చిందో ఇప్పుడు తెలిసింది కదా. అంకశ్రేఢిలో ఉండే n యే అది.

ఇప్పుడు తమ్ముడి సందేహానికి వద్దాం. అతను చేసిన సరిచూపు ఇది: n = 0 వేస్తే 1 రావాలి, n = 1 వేస్తే 6 రావాలి. వేసి చూడండి, నాలుగు ఆప్షన్లకూ వస్తాయి. పేపరు తయారుచేసినవాళ్ళు కావాలనే అలా పెట్టారు. a₀, a₁ మనకు ఇచ్చిన విలువలు. నియమాన్ని వాడకుండానే వాటికి సరిపోయే సూత్రాలు ఎన్నైనా కట్టవచ్చు. నియమం మొదటిసారి పనిచేసేది a₂ దగ్గర. కాబట్టి అసలు పరీక్ష అక్కడే మొదలవుతుంది.

ఆప్షన్లు లేకపోయినా ఇదే జరుగుతుంది. మూలాన్ని గుర్తు మార్చి −2 అని తీసుకున్నాం అనుకోండి. (A + Bn)(−2)ⁿ లో a₀ = 1 వల్ల A = 1, a₁ = 6 వల్ల B = −4. సూత్రం (1 − 4n)(−2)ⁿ. మొదటి రెండు పదాలూ 1, 6 చక్కగా వస్తాయి, ఎందుకంటే A, B లను వాటికి సరిపోయేలా మనమే కొలిచి కుట్టాం. a₂ దగ్గర మాత్రం −7×4 = −28 వస్తుంది. రావలసింది 20. అక్కడ తప్పు దొరికిపోతుంది.

మన సూత్రాన్ని చూద్దాం. నియమం ప్రకారం a₂ = 20, a₃ = 80 − 24 = 56, a₄ = 224 − 80 = 144. సూత్రం ప్రకారం 5×4 = 20, 7×8 = 56, 9×16 = 144. సరిపోయాయి.

ఇంట్లో లెక్క చూపించి అడగడానికి ఎవరూ లేని వాళ్ళం మనలో చాలామందిమి. నేనూ అంతే, మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చింది నేనొక్కడినే. రాత్రి పదింటికి జవాబు తప్పో ఒప్పో చెప్పేది ఈ మూడు లైన్ల లెక్కే.

అయితే మూడు నాలుగు పదాలు కలిసినంత మాత్రాన అది రుజువు కాదు. వృత్తం మీద బిందువులు పెట్టి, ప్రతి రెంటినీ గీతతో కలిపితే వృత్తం గరిష్ఠంగా ఎన్ని ముక్కలవుతుందో లెక్కపెట్టండి. ఒక బిందువు నుంచి మొదలుపెడితే 1, 2, 4, 8, 16 వస్తాయి. తర్వాతది 32 అనుకుంటాం, కానీ వచ్చేది 31. మన లెక్కకు రుజువు కావాలంటే సూత్రాన్నే నియమంలో వేయాలి:

4(2n − 1)2ⁿ⁻¹ − 4(2n − 3)2ⁿ⁻² = 2ⁿ[2(2n − 1) − (2n − 3)] = 2ⁿ(2n + 1)

n ఏదైనా ఇది నిలుస్తుంది. మొదటి రెండు పదాలూ సరిపోయాయి కాబట్టి మిగతావన్నీ సరిపోయి తీరాలి. ఇక్కడ a₀, a₁ ల అవసరం మళ్ళీ వచ్చింది చూడండి. అవి మాత్రమే చాలవు, అవి లేకుండా కూడా కుదరదు.

ఫోటోలో ఇంకొకటి గమనించాలి. అంచు తెగిపోయి, ఇచ్చినవి a₀, a₁ కాక a₁ = 1, a₂ = 6 అయితే, వరుస అదే కానీ సూత్రం ఒక అడుగు జరిగి (2n − 1)2ⁿ⁻¹ అవుతుంది. మొదలు ఏ అంకెతోనో చూడకుండా సూత్రం రాయకండి.

చేసి చూడడానికి ఒకటి: aₙ = 6aₙ₋₁ − 9aₙ₋₂, a₀ = 2, a₁ = 9. ఈసారి 3ⁿ తో భాగించండి. మీ సూత్రంలో a₂ = 36, a₃ = 135 రావాలి.