నాన్న మందులు, ముగ్గురు పిల్లల వంతులు

ప్రశ్న: సింగరేణిలో రిటైరైన నాన్న గోదావరిఖనిలోనే ఉంటారు. పిల్లలు కరీంనగర్, హైదరాబాద్, బెంగళూరుల్లో ఉన్నారు. మందులు, డాక్టరు, తోడు ఎలా పంచుకోవాలి?

జవాబు: వంతులు ఎన్నిసార్లు మారినా మందుల పట్టిక ఒక్కరి చేతిలోనే ఉండాలి. ఆ పని బెంగళూరు నుంచి ఫోన్లోనూ నడుస్తుంది. ఉదాహరణకు, షుగరు, థైరాయిడ్, కాల్షియం మాత్రలు వాడే మనిషికి థైరాయిడ్ మాత్ర పరగడుపున మంచినీళ్లతో పడాలి. టిఫినుకు అరగంట నుంచి గంట ఆగాలి. కాల్షియానికి, దీనికి కనీసం 4 గంటల ఎడం ఉండాలి, లేకపోతే థైరాయిడ్ మందు ఒంటికి సరిగా పట్టదు. కొత్తగా వంతుకొచ్చినవారు పొద్దుటి మాత్రలన్నీ ఒకేసారి ఇచ్చేయడం తరచూ జరిగే పొరపాటు.

అందుకే వెళ్లేవారు, వచ్చినవారు ఒక పూట కలిసి ఉండి మాత్రలు లెక్కపెట్టాలి. రోజుకొకటి చొప్పున 1వ తేదీన 30 ఉంటే 15వ తేదీ రాత్రికి 15 మిగలాలి. 18 మిగిలితే మూడు రోజులు తప్పినట్టే. మర్నాడు ఎక్కువ వేసి సరిచేయకూడదు, డాక్టరుకు చెప్పాలి.

డాక్టరు దగ్గరికి దగ్గరలోని కరీంనగర్ వారు తీసుకెళ్లడం మేలు. ఏరియా ఆసుపత్రి ఇచ్చిన షుగరు మందే హైదరాబాద్ చీటీలో మరో పేరుతో ఉండవచ్చు. రెండూ వేస్తే డోసు రెట్టింపై షుగరు పడిపోవచ్చు. చెమటలు, వణుకు, తికమక దాని గుర్తులు. కాబట్టి పట్టికలో కంపెనీ పెట్టిన పేరుతోపాటు అసలు మందు పేరు, మిల్లీగ్రాములు రాసి, ప్రతి డాక్టరుకూ అదే చూపాలి. హైదరాబాద్ వారు శని, ఆదివారాలు తోడుండవచ్చు.