యంత్రం వ్రాసిన అర్జీ – మన సంతకం



ఒకప్పుడు అర్జీ కావలసినవాళ్లు కచేరీ ముందర కూర్చున్న అర్జీలు వ్రాసేవాని దగ్గరకు పోయేవారు. కలం పట్టేముందు అతడు నాలుగు ప్రశ్నలు వేసేవాడు: ఎవరికి వ్రాయాలి? ఏం జరిగింది? ఎప్పుడు జరిగింది? నీకేం కావాలి? నేడు ఆ పని సెల్‌ఫోన్‌లోని చాట్‌బాట్ చేస్తున్నది. అయితే ఒక తేడా ఉంది. అర్జీలు వ్రాసేవాడు తెలియని సంగతిని అడిగి తెలుసుకునేవాడు. చాట్‌బాట్ చాలాసార్లు అడగకుండానే ఖాళీని తానే పూరిస్తుంది.

ఒక ఉదాహరణ ఊహించుకుందాం. పల్లె నుండి కోయిలకుంట్లకు చదువుకోవడానికి వచ్చే ఒక విద్యార్థిని ఉంది. సాయంత్రం ఇంటికి పోయే బస్సు కొన్నిరోజులు రాలేదు. ఆమె "బస్సు రావడం లేదని కోయిలకుంట్ల డిపో మేనేజర్‌కు కంప్లయింట్ లెటర్ రాయి" అని మాత్రమే టైపు చేసింది. అప్పుడు వచ్చే లేఖ ఇంచుమించు ఇట్లా ఉంటుంది:

"ప్రియమైన సార్, కర్నూలు జిల్లా కోయిలకుంట్ల డిపో నుండి మా గ్రామానికి బస్సు గత మూడు నెలలుగా రావడం లేదు. ఎన్నిసార్లు ఫిర్యాదు చేసినా సిబ్బంది నిర్లక్ష్యం వహించారు. వెంటనే స్పందించకపోతే చట్టపరమైన చర్యలు తీసుకోబడతాయి. మీ విశ్వాసపాత్రురాలు."

చదవడానికి జోరుగానే ఉంది. కానీ ఇందులో ఆమె చెప్పినది బస్సు రాలేదన్న ఒక్క ముక్కే. "మూడు నెలలు", "ఎన్నిసార్లు ఫిర్యాదు చేసినా" అనేవి యంత్రం కల్పించినవి. అది వెనుక చదివిన లెక్కలేనన్ని లేఖలను బట్టి, ఏ మాట తర్వాత ఏ మాట వచ్చే అవకాశం ఎక్కువో చూసి వాక్యం అల్లుతుంది. ఫిర్యాదు లేఖల్లో ఇటువంటి మాటలు మామూలు గనుక ఇక్కడా వచ్చిపడ్డాయి. "కర్నూలు జిల్లా" కూడా అంతే. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా ఏర్పడి కోయిలకుంట్ల అందులో చేరింది. అంతకుముందటి కాగితాలలో కర్నూలని ఉంటుంది.

ఇక మర్యాద సంగతి. "ప్రియమైన సార్", "విశ్వాసపాత్రురాలు" అనేవి ఇంగ్లీషు లేఖకు తెలుగు ముసుగు. మన అర్జీలో "గౌరవనీయులైన డిపో మేనేజర్ గారికి", "అయ్యా", చివర "భవదీయురాలు" లేక "విధేయురాలు" అంటాం. మొదటి అర్జీలోనే బెదిరింపు పనికిరాదు. "తీసుకోబడతాయి" అన్నచోట ఎవరు తీసుకుంటారో కూడా తెలియదు.

అందుకే, అర్జీలు వ్రాసేవాని నాలుగు ప్రశ్నలకు జవాబులు మనమే ముందుగా ఇచ్చి, హద్దులు కూడా చెప్పాలి:

"కోయిలకుంట్ల ఆర్టీసీ డిపో మేనేజర్ గారికి తెలుగులో అర్జీ వ్రాయి. నేను డిగ్రీ రెండవ సంవత్సరం విద్యార్థినిని. మా ఊరికి పోయే సాయంత్రం 5 గంటల బస్సు ఈ నెల 3, 5, 10 తేదీలలో రాలేదు. ఇంతకుముందు ఫిర్యాదు చేయలేదు. బస్సు క్రమంగా నడపాలని, రద్దయితే ముందుగా తెలపాలని నా కోరిక. గౌరవంగా ఉండాలి, బ్రతిమాలరాదు, బెదిరించరాదు. నేను చెప్పని విషయం చేర్చవద్దు. తెలియనిచోట ఖాళీ గీత పెట్టు."

ఊరి పేరు, ఫోను నంబరు, ఆధార్ నంబరు యంత్రానికి ఇవ్వనక్కరలేదు. కావలసినవి తర్వాత చేత్తో వ్రాసుకోవచ్చు.

ఇంత చెప్పినా ఒక్కొక్కసారి కల్పన దూరుతుంది. కాబట్టి వచ్చిన లేఖలో ప్రతి తేదీ, అంకె, పేరు, "జరిగింది" అన్న ప్రతి మాట కింద గీత గీయండి. ఒక్కొక్కదానికి "ఇది నాకెలా తెలుసు?" అని ప్రశ్నించుకోండి. తేదీలకు మీరు వ్రాసుకున్న కాగితమో, తోటి ప్రయాణికుల మాటో సాక్ష్యం కావాలి. సాక్ష్యం లేనిదాన్ని కొట్టివేయండి. "ఇది నిజమేనా?" అని ఆ యంత్రాన్నే అడిగితే సాక్ష్యం కాదు, అది తప్పును కూడా ధీమాగా సమర్థించగలదు. ఆఖరున లేఖను పైకి చదవండి. ఆ అధికారి ఎదుట నిలబడి అనలేని మాట ఉంటే మార్చండి.

అట్లా సరిచేస్తే అర్జీలోని అసలు భాగం ఇంతే:

"అయ్యా, మా ఊరికి సాయంత్రం 5 గంటలకు పోవలసిన బస్సు ఈ నెల 3, 5, 10 తేదీలలో రాలేదు. అందువల్ల విద్యార్థులము చీకటిపడే వరకు బస్టాండులో ఉండవలసి వచ్చినది. దయచేసి బస్సును క్రమంగా నడిపించవలసినదిగా, రద్దయిన రోజున ముందుగా తెలియజేయవలసినదిగా కోరుచున్నాను."

ఇందులో "చీకటిపడే వరకు" అన్నది ఆ విద్యార్థిని తానే చేర్చిన వాక్యం. అది ఆమె చూసినది. డిపోలో రికార్డు తీసి చూస్తే మూడు తేదీలూ నిలుస్తాయి. అదే "మూడు నెలలు" అని ఉంటే, మధ్యలో బస్సు నడిచిన ఒక్క రోజును చూపి అర్జీ మొత్తాన్ని పక్కన పెట్టవచ్చు.

సెలవు చీటీకి కూడా ఇదే పద్ధతి. జ్వరమని చెబితే చాలు, "డాక్టరు సర్టిఫికెట్ జతపరచడమైనది" అని యంత్రం చేర్చవచ్చు. సర్టిఫికెట్ లేకుండా ఆ చీటీ ప్రిన్సిపాల్ గారి బల్ల మీదికి పోతే, జ్వరం నిజమైనా చీటీ అబద్ధమవుతుంది. జవాబు చెప్పుకోవలసింది కింద సంతకం చేసినవారే.