కోత మిషన్ బుకింగుకి గడువు పెట్టేవాళ్లు చేయవలసినవి - చేయకూడనివి

నాగాయలంక, కోడూరు వైపు కాలువ చివరి ఆయకట్టు. నీళ్లు ఆలస్యంగా అందుతాయి, నాట్లు ఆలస్యమవుతాయి, కోతలూ అంతే. సార్వా వరి చేతికొచ్చే నవంబరు, డిసెంబరుల్లోనే బంగాళాఖాతంలో వాయుగుండాలు లేస్తాయి. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు డెల్టాలో కోతకొచ్చిన చేలు పడిపోయాయి, కోసిన ధాన్యం తడిసింది. అందుకని ఇక్కడ కోత మిషన్లు మాట్లాడిపెట్టేవాళ్లు రైతుకి తొందర నేర్పక్కర్లేదు. అది వాళ్లకి ముందే ఉంది. ఆ తొందర ఎంతవరకు నిజమో లెక్క కట్టి చూపించడమే మధ్యవర్తి పని. ఈ నాలుగు మాటలు మిషన్ ఉన్నవాళ్లకి, బుకింగులు పట్టే ఏజెంట్లకి, నలుగురు కలిసి మిషన్ తెప్పించుకునే రైతులకి.

చేయండి: ముందు మిషన్ ఎన్ని ఎకరాలు కోయగలదో కాగితం మీద వేయండి

ఒక ఉదాహరణ తీసుకుందాం. నేల ఆరకపోతే మన చేలల్లో టైర్ల మిషన్ దిగబడుతుంది కాబట్టి చైన్ మిషనే అనుకుందాం. నిలబడి ఉన్న చేనయితే గంటకి సుమారు ఎకరం. రోజుకి ఎనిమిది గంటల పని. చేను నుంచి చేనుకి మారే సమయం తీసేస్తే ఏడెకరాలు. సీజను ఇరవై రోజులయితే 140 ఎకరాలు. ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు, 140కీ బుకింగు తీసుకుంటారు. వాన పడిన రోజు మిషన్ చేలోకి దిగదు, బెల్టు తెగితే సామాను తెచ్చేసరికి పూట పోతుంది. ఇందుకు అయిదోవంతు పక్కన పెట్టండి. మిగిలేది 112. మీ దగ్గర ఉన్న సరుకు అంతే. రైతుకి చెప్పవలసిన సంఖ్య కూడా అదే.

చేను పడిపోతే ఈ లెక్క మారిపోతుంది. పడిన దుబ్బుని ఎత్తి కోయాలి కాబట్టి ఎకరానికి గంట కాస్తా గంటన్నర, రెండు గంటలు కావచ్చు. బాడుగ గంటల మీదయితే ఆ మాట బుకింగు రోజునే చెప్పాలి. చేలో మిషన్ ఆపి చెబితే అది బేరం కాదు, బెదిరింపు.

చేయండి: గడువుకి కారణం చెప్పండి

"నవంబరు 10 ఆఖరి తేదీ" అని మాత్రమే రాస్తే ఎవరూ నమ్మరు. ఎందుకు నమ్మాలి? నిజమైన గడువు వెనక ఒక పని ఉంటుంది. మిషన్లు చాలావరకు బయటి జిల్లాల నుంచి, తమిళనాడు నుంచి లారీల మీద వస్తాయి. రెండో మిషన్ కావాలో వద్దో దాని యజమానికి ఫలానా రోజులోగా చెప్పి అడ్వాన్సు కట్టాలి. ఆ తేదీ దాటితే అతను మిషన్‌ని వేరే ఊరికి పంపేస్తాడు. మీ గడువు ఆ తేదీకి రెండు మూడు రోజుల ముందు ఉండాలి, కారణం బయటికి చెప్పాలి. "పదో తారీఖుకి 112 ఎకరాలు దాటితే రెండో మిషన్ తెప్పిస్తాం, దాటకపోతే ఒకటే" అని వాట్సాప్ గ్రూపులో పెడితే రైతు తన పక్క చేను ఆసామిని కూడా తీసుకొస్తాడు.

వెనక పనేమీ లేని గడువు పెట్టకండి. పదో తారీఖైనా ఇరవయ్యో తారీఖైనా మీకు ఒకటే అయితే ఆ మాటే చెప్పి ఊరుకోండి.

చేయండి: ముందు వచ్చినవాళ్లకి ఇచ్చే తగ్గింపు మీకు మిగిలిన దాంట్లోంచి ఇవ్వండి

ముందుగా బుకింగు వస్తే మిషన్ యజమానికి ఏం మిగులుతుంది? తిరుగుడు మిగులుతుంది. విడివిడి ఎకరాలు అయిదు కోయాలంటే అయిదుసార్లు మారాలి. మారినప్పుడల్లా ఇరవై నిమిషాలనుకుంటే వంద నిమిషాలు పోతాయి. ఆ అయిదెకరాలూ ఒకే చెక్కలో ఉంటే ఒక్కసారి మారితే చాలు. ఎనభై నిమిషాలు మిగిలినట్టు, అంటే ఎకరానికి పదహారు నిమిషాలు. గంట బాడుగ 3,000 రూపాయలనుకుంటే ఆ పదహారు నిమిషాల విలువ 800. డీజిలు, డ్రైవరు ఖర్చు పోగా సగమే మిగిలిందనుకున్నా, ఎకరానికి 200 తగ్గించడం మీకు భారం కాదు.

అందుకే నా ఉద్దేశంలో తగ్గింపుని తేదీకి మాత్రమే కాదు, చెక్కకి కూడా ముడిపెట్టాలి. గడువులోగా గట్టు పక్క గట్టు రైతులు అయిదెకరాలు కలిపి వస్తే 200, ఒంటరిగా ముందు వస్తే 100. రేటు పెంచి రాసి, కొట్టేసి, "తగ్గింపు" అని చూపించే పని వద్దు. నిరుటి బాడుగ ఎంతో ఊళ్లో అందరికీ గుర్తే.

తగ్గింపు కోసం మొత్తం డబ్బు ముందే అడగకండి. ఈ డెల్టాలో సాగు చేసేవాళ్లలో చాలామంది కౌలు రైతులు, కోతకి ముందు వాళ్ల చేతిలో డబ్బు ఆడదు. పూర్తి బాడుగ ముందే కట్టమంటే ఆ బహుమానం సొంత పొలం ఉన్నవాళ్లకే పోతుంది. ఎకరానికి రెండు వందలో మూడు వందలో అడ్వాన్సు చాలు. మిషన్ రాకపోతే అది తిరిగిస్తామని రసీదు మీదే రాయండి.

చేయకూడదు: ముందు బుక్ చేసినవాడి చేను ముందు కోయడం

అన్నిటికంటే ప్రమాదం ఇది. బుకింగు తేదీ రేటుని నిర్ణయించాలి, కోత వంతుని నిర్ణయించేది చేను. ఈ రెండూ కలిపేస్తే "నా వంతు పోతుందేమో" అని రైతు పచ్చి చేనే కోయిస్తాడు. వెన్నులో నూటికి ఎనభై, ఎనభై అయిదు గింజలు పసుపు రంగు తిరగాలి. అడుగు గింజ పంటి కింద పాలు కారకుండా గట్టిగా తగలాలి. పచ్చిగా కోస్తే తాలు, నూక పెరుగుతాయి, గింజలో తేమ దిగదు. ప్రభుత్వ కొనుగోలుకి తేమ 17 శాతం మించకూడదు. మిషన్ కోసిన ధాన్యంలో సాధారణంగా అంతకంటే ఎక్కువే ఉంటుంది. పచ్చి చేనయితే మరీను. ఇక దాన్ని రోడ్డు మీద ఆరబోస్తారు. రాత్రి ఆ ధాన్యం రాశి మీదికి మోటారు సైకిలు ఎక్కి పడినవాళ్ల కబుర్లు ప్రతి సీజనులోనూ వింటున్నాం.

ఫోన్లో ఈ మాట ఇలా సాగితే సరిపోతుంది:

"అబ్బాయ్, ముందు కట్టాను గదా, నాది ఎల్లుండి కోసేస్తావా?"

"రేటు మీకు తగ్గింపుదే బాబాయ్, అది ఎక్కడికీ పోదు. ఎల్లుండి వెన్ను తెంపుకొని రైతు సేవా కేంద్రంలో చూపించండి. అయ్యిందంటే మర్నాడే మిషన్ దించుతా."

చేయకూడదు: లేని కొరత చూపించడం

"ఇంకా రెండే ఖాళీలు" అని వారం రోజులపాటు ఒకే మెసేజి తిప్పేవాళ్లని చూస్తుంటాం. నిజమైన లెక్కకి ఒక గుర్తుంది, అప్పుడప్పుడూ అది పెరుగుతుంది. ఇవాళ 74 ఎకరాలు బుక్కయి 38 మిగిలాయి. రేపు ఒకాయన మూడెకరాలు వద్దనుకుంటే మిగిలినవి 41 అని రాయాలి. ఎప్పుడూ తగ్గడమే తప్ప పెరగని లెక్కని అనుమానించవలసిందే. పుస్తకంలో వరస నెంబరు, తేదీ, ఎకరాలు రాసి, ఆ పుస్తకం అడిగినవాళ్లకి చూపించండి. ఆసాముల పేర్లు గ్రూపులో పెట్టక్కర్లేదు, ఎకరాలు చాలు.

యాప్‌లో బుకింగు పెట్టేవాళ్లకయితే ఇది మర్యాద మాత్రమే కాదు, చట్టం. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న నోటిఫై చేసిన మార్గదర్శకాలు పదమూడు రకాల మోసపు పోకడల్ని నిషేధించాయి. జాబితాలో మొదటిదే లేని తొందరని, లేని కొరతని పుట్టించడం. ఫిర్యాదు చేయాలనుకున్న రైతులు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను 1915కి ఫోన్ చేయొచ్చు.

చేయకూడదు: తుపాను పేరు చెప్పి బుకింగు పట్టడం

1977 నవంబరు 19 నాటి ఉప్పెనని చూసినవాళ్లు దివిసీమలో ఇంకా ఉన్నారు. ఇక్కడ తుపాను మాట అమ్మకానికి వాడుకునే మాట కాదు. పాత వీడియో ఫార్వర్డు చేసి "మూడు రోజుల్లో గండం, ఇవాళే బుక్ చేయండి" అనకండి. వాతావరణ శాఖ అమరావతి కేంద్రమో, రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థో ఇచ్చిన బులెటిన్‌ని తేదీ, సమయంతో సహా ఉన్నదున్నట్టు పెట్టండి, దాని కింద మీ ఫోన్ నెంబరు పెట్టకండి. విపత్తు గురించి తప్పుడు హెచ్చరిక పుట్టించి జనాన్ని భయపెడితే 2005 విపత్తు నిర్వహణ చట్టం 54వ సెక్షను కింద ఏడాది వరకు జైలు శిక్ష పడవచ్చు.

నిజంగానే హెచ్చరిక వచ్చినప్పుడు పాత బుకింగుల రేటు పెంచకూడదు. పక్కన పెట్టిన ఆ అయిదోవంతు గంటలు ఇప్పుడే అక్కరకొస్తాయి. బుక్ చేశారా లేదా అని చూడకుండా, పండిపోయి పల్లంలో ఉన్న చేలకి ముందు ఇవ్వండి. అయితే డ్రైవరుని పద్దెనిమిది గంటలు కూర్చోబెట్టకండి. నిద్ర చాలని మనిషి ఇంజను ఆపకుండానే కట్టరు బారులో ఇరుక్కున్న గడ్డి లాగుతాడు. ధాన్యం దించేటప్పుడు పైన కరెంటు తీగ ఉందేమో చూడడు.

చేయకూడదు: గడువు పొడిగించడం

ఏప్రిల్ 30లోగా ఏడాది ఆస్తి పన్ను ఒకేసారి కడితే మన రాష్ట్రంలో పట్టణాల వాళ్లకి 5 శాతం రాయితీ ఉంది. మచిలీపట్నంలోనైనా గుడివాడలోనైనా అదే లెక్క. రేటు చిన్నదే అయినా అందరికీ ఒకటే, ఏటా అదే తేదీ కాబట్టి ముందే సర్దుకుని కట్టేవాళ్లున్నారు. దీనికి ఎదురుగా హైదరాబాదు సంగతి చూడండి. అక్కడి నగరపాలక సంస్థ 2020లో పాత బకాయిల వడ్డీలో 90 శాతం మాఫీ ప్రకటించింది. గడువు పొడిగించింది. 2022లో మళ్లీ అదే మాఫీ, 2024లో మళ్లీ. బకాయి పెట్టినవాళ్లు దీన్నుంచి ఏం నేర్చుకుంటారో వేరే చెప్పాలా? ఆగితే మళ్లీ వస్తుందని. వేళకి కట్టినవాళ్లేమో తమని పిచ్చివాళ్లని చేశారనుకుంటారు.

కోత బుకింగులోనూ అంతే. పదకొండో తారీఖున ఒక ఆసామి వచ్చి "ఒక్క రోజే గదా" అంటే మిషన్ ఇవ్వండి, తగ్గింపు ఇవ్వకండి. ఆయన మీకు బావగారైనా సరే. నాలుగు రోజులు వాన పట్టి ఎవరూ ఇల్లు కదలలేదనుకోండి, అప్పుడు పొడిగించవచ్చు. కాకపోతే కారణం రాసి, కొత్త తేదీ ఒక్కసారే వేసి, అందరికీ వర్తింపజేయాలి. అంతకుముందే వచ్చినవాళ్లకి అదనంగా మరో యాభయ్యో వందో తగ్గించాలి. అది ఇవ్వలేమనిపిస్తే పొడిగించకండి.