‘బువ్వ’కు ఇంగ్లీషులో ఏమంటారు?

ప్రియమైన తల్లిదండ్రులకు,

నర్సరీలో చేర్చబోయే పిల్లలున్న ఇళ్లలో తరచూ వినిపించే మాట ఒకటుంది: “బువ్వ అనొద్దు నాన్నా, రైస్ అను.” ఇంగ్లీషు త్వరగా అలవాటు కావాలన్నది పెద్దవాళ్ల ఉద్దేశం. కానీ ‘బువ్వ’కు ‘రైస్’ సరైన జోడీ కాదు. ఎందుకు కాదో ఈ నెల చూద్దాం.

ముద్దుమాటలు ఎలా తయారవుతాయి?

బువ్వ, లాల, జోజో, బజ్జో. వీటిని ఒకసారి పైకి పలికి చూడండి. వేర్వేరు హల్లుల కలయికలు, నాలుక తిరగని అక్షరాలు వీటిలో ఉండవు. పెదవులతోనో, నాలుక కొనతోనో సులువుగా వచ్చే శబ్దాలే ఉంటాయి. చాలావాటిలో ఒకే శబ్దం రెండుసార్లు వస్తుంది. ఇది మన ఒక్క భాషకే పరిమితం కాదు. భాషావేత్త చార్లెస్ ఫెర్గూసన్ 1964లో మరాఠీ, అరబిక్, ఇంగ్లీషుతో సహా ఆరు భాషల ముద్దుమాటలను పోల్చినప్పుడు అన్నిటిలోనూ ఇలాంటి పోలికలే కనిపించాయి.

అయితే శబ్దం కలిసినంత మాత్రాన అర్థం కలవదు. తమిళ ఇళ్లలో ‘మమ్ము’ అంటే పాపాయి తినే అన్నం. ఇంగ్లీషులో దాదాపు అదే శబ్దానికి అమ్మ అని అర్థం. మన జిల్లాల్లో తెలుగు, తమిళం రెండూ వినిపించే ఇళ్లు చాలా ఉన్నాయి కాబట్టి ఈ తేడా మీకు తెలిసే ఉంటుంది.

జోడీ వెతకడం ఎలా?

డిక్షనరీలో అర్థం చూడకండి. ఆ మాట ఇంట్లో ఏం పని చేస్తుందో చూడండి. ‘బువ్వ’ అనగానే పాప నోరు తెరుస్తుంది. ‘రైస్’ ఒక వస్తువు పేరు మాత్రమే. ముద్ద చూపిస్తూ అనే ‘యమ్ యమ్’ ఆ పనికి దగ్గరగా ఉంటుంది. అలాగే ‘బజ్జో’కు ‘స్లీప్’ కన్నా ‘నైట్ నైట్’ దగ్గర. దోబూచులాటకు ‘పీకబూ’ చక్కగా సరిపోతుంది.

కొన్నిటికి జోడీ దొరకదు. ‘జేజికి దండం పెట్టు’లోని జేజి దేవుడు. రాయలసీమలో కొన్ని ఇళ్లలో నాయనమ్మను కూడా జేజి అంటారు. ఇలాంటి మాటను తెలుగులోనే ఉంచేయండి.

ఒక ఆట, మూడు భాషలు

అరచేతి ఆట మీ అందరికీ తెలిసిందే. ఇంటికో రకంగా ఆడినా వరుస ఒకటే. పాప అరచేయి విస్తరాకు అవుతుంది. అందులో అన్నం, పప్పు, నెయ్యి వడ్డించి వేలితో గుండ్రంగా కలుపుతాం. ముద్దలు తినిపిస్తాం. తర్వాత రెండు వేళ్లు అత్తగారింటికి దారి వెతుక్కుంటూ మణికట్టు నుంచి మోచేతి మీదుగా నడిచి చంకలోకి చేరతాయి. అక్కడ చక్కిలిగిలి!

తమిళ ఇళ్లలో మోచేత్తో అరచేతిలో పప్పు మెదుపుతారు. తర్వాత చేతి మీద ఎండ్రకాయ, నక్క పాకుతాయి. ఇంగ్లీషులో ‘రౌండ్ అండ్ రౌండ్ ద గార్డెన్’ అనే ఆటలో ఒక బొమ్మ ఎలుగుబంటి అరచేతిలోని తోట చుట్టూ తిరిగి, అడుగులు వేస్తూ చంకకు చేరుతుంది.

కథ వేరైనా మెట్లు మూడే: అరచేతిలో తిప్పడం, చేతి మీద పాకడం, చివరికి చక్కిలిగిలి. అందుకే మన ఆటలోని పప్పు, నెయ్యిలను ఇంగ్లీషులోకి మార్చి చెప్పాలని చూస్తే లయ పోతుంది, పాప చెయ్యి లాగేసుకుంటుంది. ఇంగ్లీషు కావాలంటే ఇంగ్లీషు ఆటనే పూర్తిగా ఆడండి. మన ఆటను మన మాటల్లోనే ఆడండి. చంకకు చేరే ముందు ఒక్క క్షణం ఆగండి. మీ వేళ్లు అక్కడికి చేరకముందే పాప చంక మూసుకుని నవ్విందంటే తర్వాత ఏం రాబోతోందో తనకు అర్థమైనట్టే. కథను వరుసగా వినడానికి కావలసింది ఈ ఎదురుచూపే.

ఈ నెల ఇంట్లో చేసి చూడండి

1. పాప “బువ్వ” అంటే తప్పు దిద్దకండి. “అన్నం కావాలా? ఇదిగో అన్నం” అని పెద్దవాళ్ల మాటను జవాబులో కలపండి. కొన్నాళ్లకు తనే మారుతుంది.
2. ఇంగ్లీషు ముద్దుమాట ఒక్కటే ఎంచుకుని, రోజూ ఒకే పనికి వాడండి. ‘నైట్ నైట్’ నిద్ర వేళకే ఉండాలి.
3. అవ్వనో జేజినో అడిగి మీ ఇంటి అరచేతి ఆటను ఆమె మాటల్లోనే రాసి, పిల్లల డైరీలో పెట్టి పంపండి. క్లాసులో ఒక్కో ఇంటి ఆటను ఒక్కో రోజు ఆడిస్తాం.

ఇట్లు,
మీ పిల్లల ఇంగ్లీషు టీచర్