ఎనిమిదితో ఎందుకు భాగిస్తాం? నా నోట్స్‌కి ఒక సవరణ

పోయిన నెల జూనియర్లకి ట్రాన్స్‌ఫార్మర్ చెబుతూ బోర్డు మీద ఈ ఫార్ములా రాశాను:

softmax(QKᵀ / √d_k) V

"కింద ఆ రూట్ ఎందుకన్నా?" అని ఒకబ్బాయి అడిగాడు. "స్కోర్లు పెద్దవైపోకుండా నార్మలైజ్ చేయడానికి" అన్నాను. "అయితే నేరుగా d_kతోనే భాగించొచ్చుగా?" అన్నాడు. "పేపర్లో అలా ఉంది" అనేసి తర్వాతి స్లైడ్‌కి వెళ్ళిపోయాను. అందరూ అదే రాసుకున్నారు. ఆ రాత్రి కూర్చుని చూసుకుంటే నాకే అర్థం కాలేదని తెలిసింది. నార్మలైజ్ చేసే పని సాఫ్ట్‌మాక్స్ ఎలాగూ చేస్తుంది. భాగించినా, భాగించకపోయినా వెయిట్ల మొత్తం 1 అవుతుంది. కాబట్టి నా జవాబు జవాబే కాదు.

రూట్ ఎక్కడిదో చూద్దాం. ప్రకాశం బ్యారేజీ మధ్యలో నిలబడి నాణెం ఎగరేస్తున్నారనుకోండి. బొమ్మ పడితే విజయవాడ వైపు ఒక అడుగు, బొరుసు పడితే సీతానగరం వైపు ఒక అడుగు. 64 సార్లు ఎగరేశాక ఎంత దూరంలో ఉంటారు? 64 అడుగులైతే కాదు, ఎందుకంటే అటూ ఇటూ చాలావరకు కొట్టేసుకుంటాయి. అలాగని సరిగ్గా బయల్దేరిన చోటే ఉంటారనీ కాదు. దూరం మామూలుగా 8 అడుగుల స్థాయిలో ఉంటుంది. ఒక్కో అడుగు వేరియెన్స్ 1, స్వతంత్రమైన అడుగుల వేరియెన్స్‌లు కూడతాయి, మొత్తం 64, దాని రూట్ 8.

క్వెరీ, కీల డాట్ ప్రొడక్ట్ కూడా ఇలాంటి నడకే. 2017లో వచ్చిన "అటెన్షన్ ఈజ్ ఆల్ యూ నీడ్" పేపర్లో d_k విలువ 64. రెండు వెక్టర్లలోని అంకెలు స్వతంత్రంగా, సగటు 0, వేరియెన్స్ 1తో ఉంటే, ఒక్కో లబ్ధం వేరియెన్స్ కూడా 1. అలాంటివి 64 కలిపితే స్కోరు స్టాండర్డ్ డీవియేషన్ 8. మనం భాగించేది ఆ 8తోనే. నమ్మకం లేకపోతే నడిపి చూడండి:

```python
import torch
for d in (4, 64, 1024):
    q = torch.randn(10000, d)
    k = torch.randn(10000, d)
    s = (q * k).sum(-1)
    print(d, s.std().item(), (s / d**0.5).std().item())
```

మధ్య అంకె సుమారు 2, 8, 32 వస్తుంది. చివరిది ఎప్పుడూ 1 దగ్గరే.

సరే, స్కోర్లు 8 స్థాయిలో ఉంటే నష్టమేంటి? మూడు టోకెన్ల స్కోర్లు 8, 0, -8 అనుకుందాం. సాఫ్ట్‌మాక్స్ తర్వాత మొదటిదానికి 0.9997 పోతుంది, మిగతా రెండూ మెతుకులు ఏరుకోవాలి. ట్రైనింగ్ ఇంకా మొదలే కాలేదు, వెయిట్లు రాండమ్, అయినా మోడల్ అప్పుడే ఒక టోకెన్‌ని ఖాయం చేసేసుకుంది. ఆ తప్పు దిద్దుకోవాలంటే గ్రేడియెంట్ కావాలి. మొదటి వెయిట్‌కి తన స్కోరు మీద ఉండే డెరివేటివ్ p(1-p), అంటే ఇక్కడ 0.0003. కదలదు.

8తో భాగిస్తే స్కోర్లు 1, 0, -1. వెయిట్లు 0.665, 0.245, 0.090. p(1-p) ఇప్పుడు 0.223. "భాగించినందుకు చైన్ రూల్‌లో గ్రేడియెంట్ కూడా 8వ వంతు అవుతుంది కదా?" అని మీకు అనుమానం రావాలి, నాకూ వచ్చింది. అవుతుంది. అయినా 0.028 మిగులుతుంది, అంటే ముందుకంటే 80 రెట్లు పైనే.

ఇక ఆ అబ్బాయి అడిగినట్టు 64తో భాగిస్తే స్కోర్లు 0.125, 0, -0.125. వెయిట్లు 0.376, 0.332, 0.293. ఇది ఇంకో చివర: ముగ్గురికీ దాదాపు సమానంగా పంచేస్తే అటెన్షన్ పేరుకే ఉన్నట్టు.

నా ల్యాబ్ కోడ్‌లో ఇంకో తప్పు కూడా దొరికింది. ఆ పేపర్లో మొత్తం వెడల్పు 512, హెడ్‌లు 8, కాబట్టి ఒక్కో హెడ్‌కి 64. నేను √512తో, అంటే సుమారు 22.6తో భాగించాను. ఎర్రర్ రాదు, లాస్ కూడా తగ్గుతూనే ఉంటుంది, అందుకే ఎవరికీ కనబడదు. పట్టుకోవాలంటే ఒకటే దారి: ట్రైనింగ్‌కి ముందు, సాఫ్ట్‌మాక్స్‌కి ఇచ్చే స్కోర్ల std ప్రింట్ చేయాలి. పై లెక్కలోలా q, k యూనిట్ వేరియెన్స్‌తో ఉంటే 1 దగ్గర రావాలి. √512తో అది 0.35కి పడిపోతుంది.

అయితే ఈ లెక్కంతా ట్రైనింగ్ మొదటి రోజుదే. నేర్చుకునే కొద్దీ సంబంధమున్న క్వెరీ, కీ ఒకే దిక్కుకి తిరుగుతాయి. నాణెం ఎగరేయడం మానేసి అందరూ సీతానగరం వైపే నడిచినట్టు. అప్పుడు దూరం 8 కాదు, 64 వైపు పెరుగుతుంది. రూట్ సరిపోదు. అందుకే చిన్న మోడల్‌లో కుదిర్చిన లెర్నింగ్ రేట్ పెద్ద మోడల్‌కి కూడా పనికిరావాలని రూపొందించిన మ్యూపీ పద్ధతిలో, d_k పెరిగినప్పుడు స్కోరుని రూట్‌తో కాకుండా d_kకి అనులోమంగానే తగ్గిస్తారు. అంటే నేను స్లైడ్ మార్చి తప్పించుకున్న ప్రశ్న అంత తేలికైనదేం కాదు. తమ్ముడూ, ఇది చదువుతుంటే ల్యాబ్‌కి రా, ఆ బోర్డు మళ్ళీ రాద్దాం.