మొదటి పావుగంట గీత, మూడుంబావుకి ముందే బయటికి

ఆఫీసు పనిలో ఉంటూ ఇంట్రాడే చేసేవారికి రోజంతా స్క్రీన్ చూసే వీలుండదు. వాళ్లకు ఓపెనింగ్ రేంజ్ బ్రేకవుట్ కాస్త కుదిరే పద్ధతి. 9:15 నుంచి 9:30 వరకు షేరు తాకిన గరిష్ఠం, కనిష్ఠం రాసుకోవాలి. ఏ గీత దాటితే అటు వెళ్లాలి, రెండో గీత దగ్గర స్టాప్‌లాస్ పెట్టాలి.

నిన్న 500 దగ్గర ముగిసిన షేరు ఇవాళ 503 దగ్గర మొదలైందనుకుందాం. పావుగంటలో 506, 501 మధ్య తిరిగింది. 506.50 దాటితే కొనుగోలు, 500.90 దగ్గర స్టాప్. షేరుకు రిస్క్ 5.60. ఒక ట్రేడ్‌లో 1,000 రూపాయలకు మించి పోకూడదనుకుంటే 178 షేర్లు. ఎన్ని కొనాలో ఈ దూరమే చెప్పాలి, బ్రోకర్ ఇచ్చే మార్జిన్ కాదు. 11 గంటల లోపు ట్రిగ్గర్ తగలకపోతే ఆర్డర్ తీసేయండి. మధ్యాహ్నం పూట గీత దాటిన ధరకు సాగేందుకు సమయం చాలదు.

గ్యాప్ రోజున ఈ లెక్క తారుమారవుతుంది. అదే షేరు 515 దగ్గర తెరుచుకుని 520, 509 మధ్య ఊగితే స్టాప్ దూరం రెట్టింపవుతుంది. పైగా 520 దాటేసరికి షేరు నిన్నటి నుంచి 4 శాతం పెరిగి ఉంటుంది, రాత్రి నుంచి చేతిలో ఉన్నవాళ్లు లాభాలు తీసుకునేది అప్పుడే. అందుకే నేను పాటించేది ఇది: గ్యాప్ 1 శాతం లోపైతే మామూలుగానే. 1 నుంచి 2 శాతమైతే 10:15 వరకు ఆగి, మొదటి గంట రేంజ్‌నే గీతలుగా తీసుకోవాలి. 2 దాటితే ఆ రోజు ఆ షేరు వద్దు. ప్రీ ఓపెన్‌లోనే ధర తేలిపోతుంది కాబట్టి ఈ నిర్ణయం 9:15కి ముందే చేసుకోవచ్చు. అన్నట్టు, ఎక్స్ డివిడెండ్ రోజున కనిపించే గ్యాప్ డౌన్ అసలు గ్యాప్ కాదు, ఆ మేరకు నిన్నటి ధర తగ్గించి చూడాలి.

కింది గీత తెగినప్పుడు ముందు అమ్మి తర్వాత కొనాలంటే ఎఫ్ అండ్ ఓ జాబితాలోని షేర్లకే పరిమితం కండి. వాటికి మామూలు సర్క్యూట్ పరిమితి ఉండదు. చిన్న షేరు అప్పర్ సర్క్యూట్‌లో ఇరుక్కుంటే తిరిగి కొనడానికి అమ్మేవాడు దొరకడు, వ్యవహారం ఆక్షన్ దాకా వెళ్తుంది.

లాభమైనా నష్టమైనా 3:10కి బయటికి. పై ఉదాహరణలో అప్పటికి ధర 511 అయితే 801 రూపాయలు వస్తాయి. డిస్కౌంట్ బ్రోకర్ దగ్గర ఖర్చులు సుమారు 80 పోతాయి. ఆలస్యం చేస్తే బ్రోకరే స్క్వేర్ ఆఫ్ చేస్తాడు, చాలాచోట్ల దానికి విడిగా ఛార్జీ. 2022-23లో క్యాష్ మార్కెట్ ఇంట్రాడే చేసిన ప్రతి పది మందిలో ఏడుగురు నష్టపోయారని సెబీ అధ్యయనం చెప్పింది కాబట్టి ముందు కొన్ని నెలలు ఈ ఖర్చులు తీసేసి కాగితం మీదే లెక్క చూడండి.

3:10కి అమ్మేశాక ఆర్డర్ బుక్ తెరవండి. 500.90 దగ్గర పెట్టిన స్టాప్‌లాస్ ఇంకా పెండింగ్‌లోనే ఉంటుంది. దాన్ని క్యాన్సిల్ చేయకపోతే ధర పడినప్పుడు అది తగిలి, మీకు తెలియకుండానే 178 షేర్ల షార్ట్ పొజిషన్ తెరుచుకుంటుంది.