సెలవు నాది, ఆమోదాలు ఎవరివి?

సమస్య: హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో సపోర్ట్ టీమ్‌కి మేనేజర్‌ని. నా కింద పద్నాలుగు మంది ఉన్నారు. జనవరి రెండో వారంలో కాకినాడలో మా అమ్మాయి పురుడు. 8 నుంచి 23 దాకా సెలవు కావాలి. సరిగ్గా సంక్రాంతి రోజులు, టీమ్‌లో సగం మంది ఊళ్లకు వెళ్తామంటారు. వాళ్ల సెలవులు చూడమని డిప్యూటీని అడిగితే, "ముందు మీ సెలవు ఖాయం కానివ్వండి మేడమ్" అంటాడు. డైరెక్టర్‌ గారేమో "ఎవరు చూస్తారో తేల్చుకుని అడగండి" అంటారు. డిప్యూటీకి కూడా భోగికి ఊరెళ్లాలని ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

సలహా: డిప్యూటీ దగ్గరే మొదలుపెట్టండి. అతనడిగేది పోర్టల్‌లో ఆమోదం, మీకు కావలసింది నోటిమాట. "సెలవు వస్తే చూస్తావా?" అంటే కాదనడు. ఆ మాట పట్టుకుని డైరెక్టర్‌ గారికి ఒకే మెయిల్ రాయండి: "8 నుంచి 23 వరకు సెలవు కోరుతున్నాను. ఆ రోజుల్లో టీమ్ సెలవులు, టైమ్‌షీట్లు డిప్యూటీ చూస్తారు. ఖర్చుల బిల్లులు, డిప్యూటీ సొంత సెలవు మీ దగ్గరికి వస్తాయి." ఆ చివరి మాట తప్పకుండా ఉండాలి. తన అర్జీ తన దగ్గరికే వస్తే కొన్ని పోర్టల్స్ ఆపుతాయి, కొన్ని ఆపవు. అతను నిజాయితీపరుడే కావచ్చు, కానీ టీమ్ నోళ్లు ఊరుకోవు.

మీ సెలవు మంజూరైనంత మాత్రాన అధికారం దానంతటదే డిప్యూటీకి వెళ్లదు. డెలిగేషన్ విడిగా పెట్టాలి, మొదలు, ముగింపు తేదీలతో. దాన్ని 7నే మొదలుపెట్టి, టీమ్‌లో ఒకరిచేత ఏదో సెలవుకు అప్లై చేయించి, డిప్యూటీకి చేరిందో లేదో చూడండి. అంతకుముందే మీ దగ్గర పెండింగ్‌లో ఉన్నవి చాలాచోట్ల మీ దగ్గరే ఉండిపోతాయి. జీతాల లెక్క మూసేలోపు వాటిని ఎవరూ చూడకపోతే, పాపం ఎవరికో జీతం కోత పడుతుంది. 7 సాయంత్రానికి ఆ జాబితా ఖాళీ చేయండి. పాస్‌వర్డ్ మాత్రం ఇవ్వొద్దు. అలా ఇస్తే అతని ప్రతి నిర్ణయం మీ పేరు మీదే నమోదవుతుంది.

సంక్రాంతి సెలవుల పంపకం మాత్రం అతని నెత్తిన పెట్టకండి. నిన్నటిదాకా పక్క సీట్లో కూర్చున్నవాళ్లకు పండగ సెలవు కాదనడం అతనికి కష్టం. రోజుకు ఎంతమంది ఉండాలో, భోగికి ఎవరు, కనుమకు ఎవరు వెళ్తారో డిసెంబర్‌లోనే మీరు తేల్చి అందరికీ మెయిల్ చేయండి. అతని భోగి కూడా అందులోనే తేలిపోతుంది. ఇక అతనికి మిగిలేవి జ్వరాలూ, అనుకోని ప్రయాణాలే.

అతను కాదన్నది ఎవరైనా కాకినాడకు ఫోన్ చేసి మిమ్మల్ని అడిగితే, "అతన్నే అడుగు" అనేయండి. ఒక్కసారి ఫోన్‌లోనే మీరు ఆమోదించారంటే, మర్నాటి నుంచి అతని దగ్గరికి ఎవరూ వెళ్లరు.

పురుడు కదా, తేదీ ముందుకో వెనక్కో జరగొచ్చు. అప్పుడు డైరెక్టర్‌ గారి దగ్గర సెలవు మార్చుకోవడంతో పాటు డెలిగేషన్ తేదీలూ మార్చండి. లేకపోతే మీరింకా కాకినాడలో ఉండగానే అర్జీలన్నీ మీకు రావడం మొదలవుతుంది.